వైఫై అంతరాయం: ఓవెన్, కార్డ్‌లెస్ ఫోన్, పక్కింటి నెట్‌వర్క్

నిర్వచనం

రూటరుకూ ఫోను, లాప్‌టాప్, టీవీ వంటి పరికరాలకూ మధ్య సాగే రేడియో సంభాషణను, అదే పౌనఃపున్యంలో మరోచోట పుట్టిన రేడియో శక్తి చెడగొట్టడాన్ని వైఫై అంతరాయం అంటారు. దీన్ని సిగ్నల్ బలహీనతతో కలిపి చూడకూడదు. మూడు గదుల అవతల నుంచి పిలిస్తే మాట వినబడకపోవడం బలహీనత. పక్కనే కూర్చుని మాట్లాడుతున్నా మిక్సీ మోతలో మాట తెలియకపోవడం అంతరాయం. మొదటిదానిలో ఫోను తెరమీద గీతలు తగ్గుతాయి. రెండోదానిలో గీతలు నిండుగానే ఉంటాయి, వీడియో మాత్రం ఆగిపోతుంది. ఇంట్లో కారణం వెతికేవారికి మొదటి ఆధారం ఈ తేడాయే.

ఈ వ్యాసం ప్రధానంగా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గురించి. ఇళ్లలో కనిపించే అంతరాయంలో అధికభాగం అక్కడిదే.

చరిత్ర: ఒకే బ్యాండ్‌లోకి అందరూ ఎలా చేరారు

వంట చేసే పెట్టె, మాట్లాడే ఫోను, ఇంటర్నెట్ మూడూ ఒకే పౌనఃపున్యంలో ఉండడం యాదృచ్ఛికం కాదు. పెర్సీ స్పెన్సర్ అనే అమెరికన్ ఇంజనీరు రాడార్ గొట్టమైన మాగ్నెట్రాన్‌తో ఆహారం వేడిచేసే పద్ధతిని 1945లో రూపొందించాడు. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశం పరిశ్రమ, విజ్ఞాన, వైద్య పరికరాలకు కొన్ని పౌనఃపున్యాలను విడిగా కేటాయించింది. 2450 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న భాగం వాటిలో ఒకటి. ఓవెన్ల నుంచి శక్తి బయటికి వచ్చినా సమాచార ప్రసారాలకు నష్టం లేకుండా ఒక మూల ఇవ్వడం అప్పటి ఉద్దేశం. నీటి అణువు సరిగ్గా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే కంపిస్తుంది కాబట్టి ఓవెన్‌కు ఆ పౌనఃపున్యం పెట్టారని తరచూ చెబుతారు గానీ అది నిజం కాదు. నీరు చాలా విస్తృతమైన పౌనఃపున్యాలలో వేడెక్కుతుంది.

1985లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఆ మూలను లైసెన్సు అక్కరలేని రేడియోలకూ తెరిచింది. కార్డ్‌లెస్ ఫోన్లు, 1997 నాటి తొలి వైఫై ప్రమాణం, బ్లూటూత్ అందులోకి వచ్చి చేరాయి. భారతదేశంలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు మినహాయింపు 2005లో వచ్చింది. ఆ మినహాయింపుతోపాటే ఒక షరతు ఉంది: ఇతరుల వల్ల అంతరాయం కలిగితే రక్షణ కోరే హక్కు వాడుకరికి ఉండదు. పక్కింటి రూటరు మీదా ఓవెన్ మీదా ఫిర్యాదు చేయడానికి చట్టంలో చోటు లేదన్నమాట. ఎవరింటి తంటా వారే పడాలి.

వైఫై పనిచేసే తీరు

వైఫై పరికరం ముందు వింటుంది, తరువాత మాట్లాడుతుంది. గాలిలో మరో వైఫై మాట వినిపించినా, బలమైన రొద తగిలినా ఆగుతుంది. నిశ్శబ్దం దొరికాక ఒక సమాచార పొట్లాన్ని పంపుతుంది. అవతలి పరికరం అందిందని జవాబివ్వాలి. జవాబు రాకపోతే అదే పొట్లాన్ని మళ్లీ పంపుతుంది. కొన్నిసార్లు ప్రయత్నించాక వదిలేస్తుంది.

అందువల్ల అంతరాయం రెండు దారుల్లో నష్టం చేస్తుంది. రొద వినిపించినంతసేపూ పరికరం నోరు తెరవదు, కాలం వృథా అవుతుంది. మాట్లాడుతుండగా రొద మొదలైతే పొట్లం చెడిపోతుంది, మళ్లీ పంపాలి. వినియోగదారుకు ఈ రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. నెట్ తెగదు, నత్తనడక నడుస్తుంది.

మైక్రోవేవ్ ఓవెన్

ఇళ్లలోని ఓవెన్ సుమారు 700 నుంచి 1000 వాట్ల రేడియో శక్తిని లోపలి లోహపు పెట్టెలో నింపుతుంది. రూటరు పంపేది సాధారణంగా 0.1 వాటు ప్రాంతంలో ఉంటుంది. 800 వాట్ల ఓవెన్ తలుపు సందుల నుంచి పదివేలో వంతు బయటికి వచ్చినా అది 0.08 వాటు. అంటే ఇంకో రూటరు ఆన్ చేసినట్టే. కాకపోతే ఈ కొత్త రూటరుకు వినే అలవాటు లేదు, వంతు ఇచ్చే మర్యాదా లేదు.

ఇది ఆరోగ్య ప్రమాదానికి గుర్తు కాదు. అమెరికా ప్రమాణం ప్రకారం ఓవెన్ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్ల వరకు స్రావం అనుమతి. అంతకంటే ఎంతో తక్కువ స్రావమున్న మంచి ఓవెన్ కూడా వైఫైని చెడగొట్టగలదు. ఎందుకంటే రూటరు నుంచి ఫోనుకు చేరేసరికి వైఫై సంకేతం వాటులో కోట్ల వంతుల స్థాయికి పడిపోయి ఉంటుంది. తలుపు వంగినా, గడియ వదులైనా, సీలు చుట్టూ జిడ్డు పేరుకున్నా మాత్రం ఓవెన్‌ను మెకానిక్‌కు చూపించాల్సిందే. ఆ సలహా వైఫై కోసం కాదు.

ఓవెన్ రొదకు ఒక లయ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్, డయోడ్ ఉన్న సాధారణ ఓవెన్‌లో మాగ్నెట్రాన్ కరెంటు తరంగంలో ఒక సగంలోనే వెలుగుతుంది, రెండో సగంలో ఆరిపోతుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృతులు కాబట్టి ఒక్కో ఆవృతికి 20 మిల్లీసెకన్లు. అందులో దాదాపు సగం రొద, సగం నిశ్శబ్దం. వైఫై ఆ నిశ్శబ్దపు సందుల్లోంచి దూరి బతుకుతుంది.

దూరగలదా లేదా అన్నది పొట్లం పొడవు మీద ఆధారపడుతుంది. 1500 బైట్ల పొట్లాన్ని సెకనుకు 54 మెగాబిట్ల వేగంతో పంపితే పావు మిల్లీసెకను కూడా పట్టదు. పది మిల్లీసెకన్ల సందులో అలాంటివి చాలా దూరతాయి. కానీ పొట్లాలు చెడిపోతుంటే రూటరు దూరం పెరిగిందని భ్రమపడి వేగం తగ్గిస్తుంది. నెమ్మదిగా పలికితే దూరంలో ఉన్నవారికి స్పష్టంగా వినిపిస్తుంది, అది సరైన తర్కమే. ఇక్కడ మాత్రం బెడిసికొడుతుంది. సెకనుకు 1 మెగాబిట్ వేగానికి దిగితే అదే పొట్లానికి 12 మిల్లీసెకన్లు పడుతుంది. సందు పదే. ఇక ఏ పొట్లమూ రొద తగలకుండా బయటపడదు. ఓవెన్ నడిచే రెండు నిమిషాలూ నెట్ పూర్తిగా చచ్చినట్టు అనిపించడానికి సగం కారణం ఓవెన్, సగం కారణం రూటరు తొందరపాటు.

ఇన్వర్టర్ ఓవెన్లు ఇందుకు భిన్నం. వాటిలో మాగ్నెట్రాన్ కరెంటు తరంగపు రెండు సగాల్లోనూ వెలుగుతుంది. నిశ్శబ్దపు సందులు చిన్నవి.

పౌనఃపున్యం కూడా స్థిరంగా ఉండదు. 2450 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో మాగ్నెట్రాన్ అటూ ఇటూ జారుతుంటుంది. లోపలి పాత్ర తిరిగినకొద్దీ, గొట్టం వేడెక్కినకొద్దీ మారుతుంది. దెబ్బ ఎక్కువగా తగిలేది బ్యాండ్ మధ్య, పై భాగాలకు, అంటే 6 నుంచి 11 దాకా ఉన్న ఛానళ్లకు. 2412 మెగాహెర్ట్జ్ దగ్గరున్న 1వ ఛానల్‌కు తరచు కాస్త ఊరట ఉంటుంది. (చూ. పక్కింటి నెట్‌వర్కులు)

ఓవెన్ ఎంతటివారినైనా తప్పుదారి పట్టించగలదు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుకు ఏళ్ల తరబడి వింత సంకేతాలు తగిలాయి. పెరిటాన్లని వాటికి పేరు కూడా పెట్టారు. వంట పూర్తికాకుండానే ఎవరో ఓవెన్ తలుపు లాగినప్పుడు, ఆరిపోతున్న మాగ్నెట్రాన్ విడిచే శక్తే అవని 2015లో అక్కడి పరిశోధకులు తేల్చారు.

కార్డ్‌లెస్ ఫోన్లు

ఇక్కడ అసలు ప్రశ్న ఫోను ఏ బ్యాండ్‌లో పనిచేస్తుందన్నది. బేస్ అడుగున అంటించిన చీటీ మీద అది రాసి ఉంటుంది.

`2.4GHz` అని ఉంటే అనుమానించాలి. వీటిలో పాత అనలాగ్ రకాలు మాట్లాడినంతసేపూ ఒకేచోట ఆగకుండా ప్రసారం చేస్తాయి. ఆ చోటు మీద పడే వైఫై ఛానల్ స్తంభిస్తుంది, దూరంగా ఉన్న ఛానల్‌కు ఏమీ కాదు. గంతులేసే రకాలు బ్యాండ్ అంతా తిరుగుతాయి. అక్కడ ఛానల్ మార్చినా ఫలితం కనబడదు. అనలాగ్ ఫోను ఒకచోట మొరిగే కుక్కయితే ఇవి వీధంతా తిరిగే కుక్కలు. బ్లూటూత్ కూడా గంతులేసేదే. కానీ 2003 నాటి ప్రమాణం నుంచి అది రద్దీగా ఉన్న చోట్లను గుర్తించి తప్పించుకుంటుంది, శక్తి కూడా తక్కువ. అందుకే ఇళ్లలో దాని బెడద చిన్నది.

`5.8GHz` అని ఉంటే 2.4కు సాధారణంగా బాధ లేదు, 5 గిగాహెర్ట్జ్ వైఫైలో పై ఛానళ్లకు ఉండవచ్చు. `DECT` అని ఉంటే వైఫైకి దాని వల్ల నష్టం లేదు. అది 1.9 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తుంది. `DECT 6.0` అన్న పేరులోని ఆరును చూసి 6 గిగాహెర్ట్జ్ అనుకోవద్దు. అది అమెరికా మార్కెట్లో పెట్టిన పేరు మాత్రమే.

అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిన కార్డ్‌లెస్ ఫోన్లు తెలుగు ఇళ్లలో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి కాబట్టి ఒక మాట చెప్పాలి. అక్కడి డెక్ట్ ఫోన్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. మన దేశంలో ఆ భాగం మొబైల్ ఫోన్లు టవరుకు మాట పంపే దారిలో ఉంది. ఆ ఫోను ఇంటి వైఫైని ఏమీ చేయదు, మొబైల్ టవరును ఇబ్బంది పెట్టగలదు. దాన్ని ఇక్కడ వాడకూడదు.

పక్కింటి నెట్‌వర్కులు

భారతదేశంలో 2.4 బ్యాండ్‌లో 13 ఛానళ్లు వాడవచ్చు. సంఖ్యలు పదమూడైనా చోటు మూడింటికే. ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో నెట్‌వర్క్ ఆక్రమించేది సుమారు 20. అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా 1, 6, 11 అనే మూడింటిని వాడే ఆనవాయితీ ఏర్పడింది.

అదే ఛానల్‌లో పక్కింటివారు ఉంటే రెండు రూటర్లూ ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకుని వంతులు వేసుకుంటాయి. వేగం పంచుకోవాలి గానీ పొట్లాలు పెద్దగా చెడవు. సగం మాత్రమే పైన పడే ఛానల్‌లో, ఉదాహరణకు వారు 6లో మీరు 8లో ఉంటే, వారి మాట మీ రూటరుకు అర్థం కాని రొదగా వినిపిస్తుంది. రొద మరీ పెద్దదైతే తప్ప రూటరు ఆగదు, మాట్లాడేస్తుంది, రెండు పొట్లాలూ చెడతాయి. ఛానళ్ల పట్టికలో 6 కిక్కిరిసి, 8 ఖాళీగా కనిపించి, అక్కడికి మారినవారు పరిస్థితి మరింత దిగజారిందని చెప్పడానికి కారణం ఇదే. ఖాళీగా కనిపించే 8 కంటే జనమున్న 6 మేలు.

రూటరు సెట్టింగుల్లో 2.4 బ్యాండ్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్‌లో ఉంటే బ్యాండ్‌లో సగం ఒక్కరే ఆక్రమించినట్టు. అపార్ట్‌మెంటులో దాన్ని 20కి తగ్గించడం ఇరుగుపొరుగుకే కాదు, పెట్టినవారికీ లాభం.

ఇంట్లో గుర్తించే పద్ధతి

ముందుగా తేల్చుకోవలసింది జబ్బు గాలిలో ఉందా, బయటి లైనులో ఉందా అన్నది. ఇందుకు ఇంటర్నెట్ వేగ పరీక్షలు పనికిరావు, అవి రెండింటినీ కలిపి కొలుస్తాయి. ఇంట్లోని రూటరునే పలకరించి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడాలి. విండోస్ లాప్‌టాప్‌ను 2.4 నెట్‌వర్క్‌కు కలిపి, కమాండ్ ప్రాంప్ట్‌లో `ipconfig` అని కొడితే `Default Gateway` దగ్గర రూటరు చిరునామా కనిపిస్తుంది. తరువాత:

```
ping -t 192.168.1.1
netsh wlan show interfaces
```

మొదటి వరుసలో మీ రూటరు చిరునామా పెట్టాలి. అది సెకనుకోసారి రూటరును పలకరిస్తూనే ఉంటుంది, `Ctrl+C` కొడితే ఆగుతుంది. రెండో ఆజ్ఞను వేరే కిటికీలో ఇవ్వాలి. అది `Signal`, `Channel` విలువలు చూపుతుంది. రూటరు జవాబు కొద్ది మిల్లీసెకన్లలోనే వస్తూ ఇంటర్నెట్ మాత్రం నెమ్మదిగా ఉంటే తప్పు వైఫైది కాదు, లైనుది. రూటరు జవాబే ఆలస్యమవుతూ `Signal` కూడా పడిపోతే దూరమో గోడలో కారణం. సిగ్నల్ 80, 90 శాతంలో నిలకడగా ఉండి జవాబు మాత్రం ఆలస్యమవుతుంటే అది అంతరాయం.

ఇక ఎవరి పని అన్నది లయ చెబుతుంది. ఓవెన్ అంతరాయం నిమిషాల లెక్కన వస్తుంది, ఓవెన్ గంట మోగిన క్షణమే పోతుంది. కార్డ్‌లెస్ ఫోను వల్ల అయితే సంభాషణ పొడవునా ఉంటుంది. కొన్ని రకాల్లో బేస్ ఎప్పుడూ ప్రసారం చేస్తూనే ఉంటుంది కాబట్టి, హ్యాండ్‌సెట్ పెట్టేయడం పరీక్ష కాదు, బేస్ ప్లగ్గు పీకి చూడాలి. పక్కింటివారిది గడియారపు లయ. రాత్రి 8 నుంచి 11 దాకా పెరిగి, తెల్లవారుజామున మాయమవుతుంది.

ఫోన్లలో దొరికే వైఫై విశ్లేషణ యాప్‌లను నమ్ముకుని చాలామంది ఇక్కడ పొరబడతారు. అవి చూపేది వైఫై నెట్‌వర్కులను మాత్రమే. ఓవెన్, కార్డ్‌లెస్ ఫోను వైఫై భాష మాట్లాడవు కాబట్టి ఆ పట్టికలో అసలు కనిపించవు.

ఉదాహరణ

రెండు పడగ్గదుల ఫ్లాటు. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవారు హాల్లో టీవీ వెనక రూటరు బిగించి వెళ్లారు. గోడకు అవతల వంటగది, అదే గోడకు ఆనుకుని ఓవెన్. రూటరు 8వ ఛానల్‌లో ఉంది. రాత్రి భోజనాల వేళ వీడియో కాల్ తెగిపోతుందని ఇంట్లోవారి ఫిర్యాదు.

పగటిపూట పలకరిస్తే జవాబు 2 నుంచి 4 మిల్లీసెకన్లలో వస్తుంది, సిగ్నల్ 90 శాతం. ఓవెన్‌లో గ్లాసు నీళ్లు పెట్టి రెండు నిమిషాలు నడపాలి. ఖాళీ ఓవెన్ నడిపితే మాగ్నెట్రాన్ పాడవవచ్చు. జవాబులు ఒక్కసారిగా 140, 520, మధ్యలో `Request timed out.`, మళ్లీ 300 ఇలా చిందరవందర అవుతాయి. సిగ్నల్ 90 శాతం దగ్గరే ఉంటుంది. ఓవెన్ ఆగగానే జవాబు మళ్లీ 3. ఇంకా అనుమానముంటే ఓవెన్‌ను తక్కువ పవర్‌లో పెట్టాలి. సాధారణ ఓవెన్‌లో తక్కువ పవర్ అంటే మాగ్నెట్రాన్ కొన్ని సెకన్లు వెలిగి, కొన్ని సెకన్లు ఆరడమే. గుయ్‌మనే శబ్దం బరువెక్కినప్పుడల్లా తెరమీద అంకెలు చెడి, తేలికపడినప్పుడల్లా బాగవుతుంటే ఇక సాక్ష్యం అక్కరలేదు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఓవెన్, రూటరు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఉంటే ఓవెన్ లాగే కరెంటుకు వోల్టేజి పడి రూటరు రీస్టార్ట్ కావచ్చు. అప్పుడూ నెట్ పోతుంది. కానీ ఓవెన్ ఆగాక కూడా నిమిషమో రెండు నిమిషాలో తిరిగి రాదు, రూటరు దీపాలన్నీ మొదటి నుంచి వెలుగుతాయి. అది రేడియో జబ్బు కాదు, ప్లగ్గు మార్చితే పోతుంది.

ఓవెన్ దోషం తేలినా ఫిర్యాదు పూర్తిగా విడలేదు. రాత్రి 9కి ఓవెన్ ఆగి ఉండగా పలకరిస్తే జవాబులు 15 నుంచి 60 మధ్య తూగుతున్నాయి, తప్పిపోయేవి అరుదు. ఇది వేరే లయ. చుట్టుపక్కల ఎవరున్నారో ఈ ఆజ్ఞ చెబుతుంది:

```
netsh wlan show networks mode=bssid
```

పట్టికలో పదిహేనుకు పైగా నెట్‌వర్కులు, ఎక్కువ భాగం 6, 11 మీద. 1వ ఛానల్ మీద మూడే, అవీ 30 శాతం లోపు సిగ్నల్‌తో. రూటరును 8 నుంచి 1కి మార్చి, వెడల్పు 20కి తగ్గిస్తే రెండు కారణాలకూ ఒకేసారి కొంత మందు దొరికినట్టు. పొరుగు రొద తగ్గింది, ఓవెన్ దెబ్బ ఎక్కువగా తగిలే చోటి నుంచీ తప్పుకున్నారు. రూటరును వంటగది గోడ నుంచి హాలు రెండో మూలకు జరిపితే ఓవెన్ పరీక్షలో అంకెలు చాలావరకు నిమ్మళిస్తాయి.

నివారణ, పరిమితులు

5 గిగాహెర్ట్జ్‌కు మారడం అన్నిటికంటే సూటి మార్గం. ఓవెన్ అక్కడికి రాదు, ఛానళ్లు ఎక్కువ, గోడలు ఆ తరంగాన్ని ఎక్కువగా మింగడం వల్ల పక్కింటి రొద కూడా లోపలికి తక్కువగా చేరుతుంది. భారతదేశంలో ఈ బ్యాండ్‌ను 2018లో విస్తృతంగా లైసెన్సు లేకుండా తెరిచారు. ఇబ్బంది కూడా ఆ గోడల దగ్గరే. హాల్లో అద్భుతంగా ఉన్నది రెండు గోడల అవతలి పడగ్గదికి అందకపోవచ్చు. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టిన రూటర్లలో ఫోను ఏ బ్యాండ్ మీద ఉందో తెలియదు కాబట్టి, పరీక్షించేటప్పుడైనా పేర్లు విడదీయడం మంచిది.

తలుపు దగ్గరి కెమెరాలు, స్మార్ట్ ప్లగ్గులు, పాత ప్రింటర్లలో చాలావాటికి 2.4 తప్ప మరోటి రాదు. వీటి కోసం 2.4ను ఉంచి, 1వ ఛానల్‌లో, వంటగదికి దూరంగా నడపడమే చేయగలిగింది. టీవీ, ఆఫీసు కంప్యూటర్ వంటి కదలని వాటికి లాన్ తీగ లాగితే ఈ గొడవలో వాటికి పాత్రే ఉండదు, మిగిలినవాటికి గాలిలో కాస్త చోటూ దొరుకుతుంది.